హ్యాండిల్ ఆడుతోంది, నీళ్లు రావడం లేదు: నాలుగు నెలల్లో రెండుసార్లు విప్పిన ఒక బోరింగు

ఒకే పంపును నాలుగు నెలల తేడాతో రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. ఫిర్యాదు రెండుసార్లూ ఒకటే: హ్యాండిల్ తేలిగ్గా పైకీ కిందికీ ఆడుతోంది, నీళ్లు మాత్రం రావడం లేదు. మొదటిసారి వాషర్లు మార్చి, నీళ్లు రాగానే పని అయిపోయిందనుకున్నాను. సగం పనే అయింది. ఆ మిగిలిన సగాన్ని అప్పుడెందుకు చూడలేకపోయానో, రెండోసారి ఎలా దొరికిందో ఇక్కడ రాస్తున్నాను. చేతిపంపులు బాగుచేసేవాళ్లకు ఈ ఫిర్యాదు తరచుగా వస్తుంది. అందులో సగం పని చేసి వదిలేయడం ఎంత సులువో కూడా వాళ్లకు తెలుసు.

పంపు ఇండియా మార్క్ 2 రకం. 125 మిల్లీమీటర్ల బోరు, తవ్వినప్పటి లోతు 45 మీటర్లు. ఒక్కొక్కటి 3 మీటర్ల జి.ఐ. పైపులు పది, లోపల అన్నే కనెక్టింగ్ రాడ్లు. అంటే సిలిండరు 30 మీటర్ల దగ్గర వేలాడుతోంది. బోరులో నీళ్లు నిలిచే మట్టం 21 మీటర్లు. రోజంతా మనుషులు వచ్చిపోయే పంపు.

మార్క్ 2లో సిలిండరు నీళ్లలో మునిగే ఉంటుంది కాబట్టి పైనుంచి నీళ్లు పోసి పట్టించాల్సిన పని లేదు. "కాస్త నీళ్లు పోస్తే పట్టుకుంటుందేమో" అని హెడ్ తెరిచి బిందెలకొద్దీ పోసేవాళ్లను చూశాను. పీల్చుడు పంపుకు అది పనికొస్తుంది గానీ లోతు బోరుకు కాదు. పోసిన నీళ్లు ఎంతసేపట్లో కిందికి దిగిపోయాయో చూస్తే మాత్రం కారుడు ఎంతుందో కొంత తెలుస్తుంది.

సిలిండరులో రెండు తలుపులు

ఈ కేసు మొత్తం ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది కాబట్టి దాన్ని ముందే చెప్పుకోవాలి. సిలిండరులో నీటిని ఆపేవి రెండున్నాయి. పైనున్నది పిస్టన్. దాని చుట్టూ గోడను అంటుకుని రెండు కప్పు వాషర్లు ఉంటాయి, మధ్యలో చిన్న వాల్వు ఉంటుంది. సిలిండరు అడుగున ఉన్నది ఫుట్ వాల్వు. మనం హ్యాండిల్ కిందికి నొక్కితే రాడ్లు పైకి లేస్తాయి. పిస్టన్ వాల్వు మూసుకుని పైన ఉన్న నీటి స్తంభాన్ని ఎత్తుతుంది, ఫుట్ వాల్వు తెరుచుకుని కొత్త నీళ్లు లోపలికి వస్తాయి. హ్యాండిల్ పైకి వదిలితే పిస్టన్ దిగుతుంది. అప్పుడు ఫుట్ వాల్వు మూసుకుంటుంది, లోపల చిక్కిన నీళ్లు పిస్టన్ వాల్వు గుండా పైకి చేరతాయి.

పంపు ఆపినప్పుడు పైపులో ఉన్న నీళ్లు బోరులోకి జారిపోవాలంటే ఈ రెండింటినీ దాటాలి. రెండింటిలో ఏ ఒక్కటి గట్టిగా ఉన్నా, పైపుకు చిల్లు లేకపోతే, నీళ్లు పైనే నిలుస్తాయి. వాషర్లు అరిగినా ఫుట్ వాల్వు బాగుంటే రాత్రంతా నీళ్లు పైపులోనే ఉంటాయి, కాకపోతే పొద్దున కొడితే ధార సన్నగా వస్తుంది. ఫుట్ వాల్వు కారినా వాషర్లు కొత్తవైతే పిస్టనే ఆ స్తంభాన్ని మోస్తుంది, పంపు నీళ్లిస్తుంది.

కాబట్టి రాడ్లు తెగకుండా, పైపు పగలకుండా, బోరు ఎండకుండా హ్యాండిల్ తేలిగ్గా ఆడి నీళ్లు రావడం లేదంటే తలుపులు రెండూ కారుతున్నాయని అర్థం. రెంటిలో ఏది బాగుచేసినా నీళ్లు వస్తాయి. ఒక్కటి బాగుచేసి వెళ్లిపోయేలా చేసేది ఇదే.

హ్యాండిల్ ఎందుకు తేలికవుతుందో కూడా చూడాలి. సిలిండరు లోపలి వ్యాసం 63.5 మిల్లీమీటర్లు, అంటే పిస్టన్ వైశాల్యం దాదాపు 32 చదరపు సెంటీమీటర్లు. నీటి మట్టం నుంచి గొట్టం మూతి దాకా సుమారు 22 మీటర్ల స్తంభం దాని మీద నిలబడితే బరువు దాదాపు 70 కిలోలు. హ్యాండిల్ నిష్పత్తి 8 కి 1 కాబట్టి చేతికి తగిలేది తొమ్మిది కిలోల దాకా. రాడ్ల బరువుకు హ్యాండిల్ కడ్డీ బరువే చాలావరకు తూకంగా సరిపోతుంది. చేతికి ఆ తొమ్మిది కిలోలు తగలకపోతే పిస్టన్ మీద స్తంభం లేదన్నమాటే.

రెండూ కారే పంపులో నీళ్లు అసలు లేవవని కాదు. కొట్టినకొద్దీ పైపులో మట్టం పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఒత్తిడి పెరిగి కారుడూ ఎక్కువవుతుంది. ఒకచోట ఎక్కిన నీళ్లూ కారిన నీళ్లూ సమానమై మట్టం అక్కడే ఆగిపోతుంది. అది గొట్టం మూతికి కింద ఉంటే ఎంతసేపు కొట్టినా చుక్క రాదు. జోరుగా కొడితే కారడానికి సమయం చాలక సన్నగా ధార వస్తుంది, నెమ్మదించగానే ఆగిపోతుంది. మా పంపు అచ్చం అలాగే చేసేది.

మొదటిసారి చేసింది

మొదటిసారి పైపులు లాగి సిలిండరు విప్పితే కప్పు వాషర్ల అంచులు కాగితంలా పలచబడి ఉన్నాయి. కారణం కళ్లెదుటే ఉందనుకున్నాను. రెండూ మార్చాను. అడుగు మూత విప్పి ఫుట్ వాల్వును గుడ్డతో తుడిచి చూస్తే రబ్బరు సీటింగ్ బాగానే ఉన్నట్టనిపించింది. పైగా సంచిలో కింది సీటింగ్ కొత్తది లేదు. అలాగే బిగించేశాను.

దింపాక పరీక్షలు చేశాను. 40 స్ట్రోకులకు 13 లీటర్లు వచ్చాయి. స్ట్రోకు 125 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం ఒక్కో స్ట్రోకుకు 0.4 లీటరు చొప్పున 40 స్ట్రోకులకు దాదాపు 16 లీటర్లు రావాలి. బాగున్న పంపు 15 దాకా ఇస్తుంది. రెండు లీటర్ల తేడాను కొత్త వాషర్లు కుదురుకోవడానికి సమయం పడుతుందిలే అని సరిపెట్టుకున్నాను. తరవాత అరగంట ఆపి మళ్లీ కొడితే మూడో స్ట్రోకుకే నీళ్లొచ్చాయి. అయిదు స్ట్రోకులు దాటితే కారుడు ఉన్నట్టని మేం పెట్టుకున్న లెక్క. పంపు పాసయింది.

ఆ అరగంట పరీక్ష నన్ను తప్పుదారి పట్టించింది. అది చెప్పేది రెండు తలుపుల్లో కనీసం ఒకటి గట్టిగా ఉందని మాత్రమే. కొత్త వాషర్లు వేసిన రోజున పిస్టన్ ఒక్కటే స్తంభాన్ని మోస్తుంది కాబట్టి కింద ఫుట్ వాల్వు ఎలా ఉన్నా ఈ పరీక్ష పాసవుతుంది.

ఫుట్ వాల్వు కారుతోందని చెప్పే గుర్తు మరొకటి ఆ రోజే కనబడింది. నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన ఒకావిడ నాలుగు స్ట్రోకులు కొట్టి సంతోషంగా అంది: "బాగా చేశావు మేస్త్రీ, ఇప్పుడు పైకి లేపక్కర్లేదు, హ్యాండిలే తనంతట తను వచ్చేస్తోంది." నేనూ తలూపాను. ఆగి ఆలోచించాల్సిన మాట అది. ఫుట్ వాల్వు బాగుంటే హ్యాండిల్ వదిలినప్పుడు పిస్టన్ కింద చిక్కిన నీళ్లకు బయటికి దారి ఉండదు, అవి పిస్టన్ వాల్వును తెరిచి పైకి వెళతాయి, స్తంభం బరువు ఫుట్ వాల్వు మీద పడుతుంది. అప్పుడు హ్యాండిల్ మెల్లగా, దాదాపు బరువు లేనట్టుగా పైకి వెళుతుంది. ఫుట్ వాల్వు కారితే పిస్టన్ కింది నీళ్లు బోరులోకి జారిపోతాయి. పిస్టన్ వాల్వు తెరుచుకోక మొత్తం స్తంభం రాడ్లను కిందికి లాగుతుంది, హ్యాండిల్ చేతిని పైకి తోస్తుంది. ఆ తొమ్మిది కిలోల బరువే అప్పుడు తిరిగి చేతిని నెడుతోందన్నమాట.

రెండోసారి: విప్పకముందే తేల్చాల్సినవి

నాలుగు నెలలకు మళ్లీ కబురొచ్చింది. ఈసారి పైపులు లాగడానికి ముందు మిగతా కారణాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టాలనుకున్నాను.

ముందు రాడ్లు. హెడ్ ముందు మూత తీసి, చైన్ విప్పి, రాడ్ లిఫ్టరుతో రాడ్ల వరుసను చేతులతో ఎత్తి చూశాం. 12 మిల్లీమీటర్ల ఇనుప రాడ్డు మీటరుకు 0.9 కిలో తూగుతుంది, 30 మీటర్లకు పాతిక కిలోల పైనే. ఎత్తితే ఆ బరువు స్పష్టంగా తెలిసింది. రాడ్డు సగంలో తెగితే సగం బరువే చేతికి వచ్చేది. తెగిన రాడ్డుకు మరో గుర్తుంది: ఎంత జోరుగా కొట్టినా చుక్క రాదు. ఇక్కడ జోరుకు ధార వస్తోంది. రాడ్లు సరిగ్గానే ఉన్నాయి.

తరవాత నీటి మట్టం. వాటర్ ట్యాంకు విప్పి, పైపును సెల్ఫ్ లాకింగ్ క్లాంపుతో పట్టి, పక్క సందులోంచి బరువు కట్టిన తాడు వదిలితే 21 మీటర్ల దగ్గర తడి తగిలింది. సిలిండరు పైన తొమ్మిది మీటర్ల నీళ్లున్నాయి. బోరు ఎండలేదు.

మిగిలింది పైపు చిల్లు. దాన్ని లాగుతూనే తేల్చవచ్చు. ఒక జాయింటు దగ్గరో తుప్పు చిల్లు దగ్గరో కారితే అక్కడి దాకా పైపులు ఖాళీగా వస్తాయి, దాని కిందివి నీళ్లతో నిండుగా వస్తాయి. జాయింటు విప్పగానే నీళ్లు మీద పడతాయి. మా పైపులు మొదటి దాని నుంచి పదో దాని దాకా ఖాళీగానే వచ్చాయి. నీళ్లలో మునిగి ఉన్న చివరి మూడు పైపులు కూడా పైకి లేస్తుంటే ఖాళీ అయిపోయాయి. అంటే కారుడు అన్నిటికంటే కింద, సిలిండరులోనే ఉంది. ఎత్తేవాళ్లకు కూడా ఇది తెలుస్తుంది. నిండు పైపులైతే 30 మీటర్లకు పాతిక కిలోల పైన అదనపు బరువు ఉండాలి.

మార్క్ 3 పంపులో ఇంత శ్రమ ఉండదు. దాని పైపు లావు 65 మిల్లీమీటర్లు, సిలిండరు పైన తెరిచి ఉంటుంది కాబట్టి పిస్టన్‌ను, ఫుట్ వాల్వును రాడ్లతోనే బయటికి తీయవచ్చు. మార్క్ 2లో సిలిండరు చూడాలంటే పైపులన్నీ లాగాల్సిందే. నలుగురు మనుషులు, సగం రోజు. అంత కష్టపడి పైకి తెచ్చిన సిలిండరులో ఏ భాగాన్నైనా "ఇంకొన్నాళ్లు పనిచేస్తుందిలే" అని వదిలేయడం అన్యాయమని ఈ పంపు దగ్గరే నాకు అర్థమైంది.

సిలిండరులో కనబడింది

విప్పకముందే సిలిండరును పొడి సిమెంటు నేల మీద ఇటుకల నడుమ నిటారుగా నిలబెట్టాం. పై మూతా పిస్టనూ మాత్రం తీసి నిండా నీళ్లు పోశాం. లీటరుకు కాస్త ఎక్కువ పట్టే సిలిండరు నలభై సెకన్లలో ఖాళీ అయింది. మొదటిసారి ఈ పరీక్ష చేయలేదు. చేసి ఉంటే అప్పుడే తెలిసేది. లోతులో ఫుట్ వాల్వు మీద పడే ఒత్తిడి దీనికి డెబ్భై రెట్లు. కారే వేగం ఒత్తిడికి వర్గమూలంగా పెరుగుతుంది కాబట్టి ఎనిమిది రెట్ల వేగంతో కారుతుందని అంచనా వేయవచ్చు. రబ్బరు ఒత్తిడికి నొక్కుకుని కొంత ఆపినా, ప్రతి స్ట్రోకులో చెప్పుకోదగ్గ వాటా కిందికి పోయేదనడంలో సందేహం లేదు.

ఫుట్ వాల్వు విప్పితే రబ్బరు సీటింగ్‌లో గుండ్రంగా గాడి పడి ఉంది. ఆ గాడిలో ఒక పక్కన ముతక ఇసుక రేణువులు రెండు గుచ్చుకుపోయి ఉన్నాయి. వాటికి ఎదురుగా లోహపు సీటు మీద సన్నని చీలిక లాంటి గీత ఉంది. తడి గుడ్డతో తుడిస్తే కనబడదు. ఆరనిచ్చి, ఎండకు తిప్పి, గోరు ఆనిస్తే తెలుస్తుంది. నాలుగు నెలల కిందట నేను తుడిచి "బాగుంది" అన్నది బహుశా దీన్నే.

కప్పు వాషర్లు మళ్లీ పలచబడ్డాయి. అంచుల్లో ఇసుక పొదిగి, వాషరే గరుకు కాగితంలా తయారైంది. ఇత్తడి లైనరులో నిలువు గీతలున్నాయి, పిస్టన్ తిరిగే మేరలో ఒక గీతకు గోరు తట్టుకుంది. పాత పిస్టన్‌ను లైనరులో నిలువుగా వదిలితే దాని బరువుకే జారి పడిపోయింది. మంచి వాషర్లయితే చేత్తో నొక్కితే తప్ప కదలకూడదు.

ఇంత త్వరగా వాషర్లు ఎందుకు పోయాయన్న ప్రశ్నకు జవాబు బోరులోనే ఉంది. పైపులన్నీ బయటికి వచ్చాక బరువు తాడు అడుగు దాకా వదిలితే 33 మీటర్లకే తాడు వదులైంది. తవ్వినప్పుడు 45 మీటర్లున్న బోరు 12 మీటర్లు పూడిపోయింది. సిలిండరు అడుగుకూ మేటకూ మధ్య రెండున్నర మీటర్లే మిగిలాయి, అంటే పంపు మేటకు దగ్గరి నీళ్లనే తోడుతోంది. ఫుట్ వాల్వు కారుతూ ఉండటం దానికి తోడైంది. బిందె నిండడానికి ఎక్కువ స్ట్రోకులు కొట్టాలి, ప్రతి స్ట్రోకుకూ అంతే ఇసుక రాపిడి.

ఏం మార్చాం, ఎలా బిగించాం

లైనరు, కప్పు వాషర్లు రెండూ, పిస్టన్ వాల్వు రబ్బరు, ఫుట్ వాల్వు రబ్బరు సీటింగ్, దాని లోహపు సీటు, మూతల సీలింగ్ రింగులు మార్చాం. పాత సీటు మీద కొత్త రబ్బరు వేస్తే ఆ గీత దగ్గరే మళ్లీ కారుతుంది, అందుకే సీటు కూడా.

కప్పు వాషరు వేసేటప్పుడు దాని గిన్నె మూతి పైకి ఉండాలి. పైనుంచి పడే నీటి బరువే అంచును గోడకు నొక్కి ఆపుతుంది. తలకిందులుగా వేస్తే నీళ్లు అంచును లోపలికి ముడిచి దాటిపోతాయి, కొత్త వాషర్లతోనూ చుక్క రాదు. బిగింపు కూడా చూసుకోవాలి. మరీ బిగిస్తే వాషరు పక్కలకు ఉబ్బి లైనరును పట్టేస్తుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది, అంచు తొందరగా అరుగుతుంది. స్పేసరు ఆనేదాకా బిగిస్తే చాలు. నైట్రైల్ రబ్బరు వాషర్లను శుభ్రమైన నీళ్లతో తడిపి, పిస్టన్‌ను మెల్లగా తిప్పుతూ లైనరులోకి దింపాం. తిప్పకుండా నెడితే అంచు మడతపడుతుంది.

మళ్లీ అదే నేల మీద నిలబెట్టి, ముందు పిస్టన్ లేకుండా నీళ్లు నింపి పది నిమిషాలు చూశాం. కింద సిమెంటు పొడిగానే ఉంది. పిస్టన్ వేసి, దాన్ని మధ్యలో ఎత్తి పట్టి, పైన నీళ్లు పోసినా మట్టం తగ్గలేదు. అడుగెత్తు నీళ్లతో చేసే పరీక్ష పెద్ద కారుడునే పట్టిస్తుంది, 22 మీటర్ల ఒత్తిడి కింద ఎలా ఉంటుందో పూర్తిగా చెప్పదు. దింపాక హ్యాండిల్ చెప్పాల్సిందే.

ఇసుక సంగతి మిగిలింది. బోరు కడగడానికి కంప్రెసరు వెంటనే దొరకలేదు. అందుకని ఒక పైపు, ఒక రాడ్డు తగ్గించి సిలిండరును 27 మీటర్లకు ఎత్తాం. మేటకు దూరం అయిదున్నర మీటర్లయింది. ఎండాకాలంలో ఈ బోరు మట్టం 23 మీటర్ల దాకా దిగినట్టు పాత నమోదు ఉంది, కాబట్టి సిలిండరు మునిగే ఉంటుంది. మట్టం అంతకన్నా దిగే బోరైతే ఇలా ఎత్తకూడదు, ఇసుక బాధ పోయి గాలి పీల్చే బాధ వస్తుంది.

నేల మీద పెట్టిన పైపులు తిరిగి తాగే నీళ్లలోకి వెళ్లాయి కాబట్టి చివర బ్లీచింగు వేశాం. 21 నుంచి 33 మీటర్ల దాకా 125 మిల్లీమీటర్ల బోరులో దాదాపు 150 లీటర్ల నీళ్లుంటాయి. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 15 గ్రాములు. పొడిలో క్లోరిన్ నాలుగో వంతే ఉంటుందనుకుంటే 60 గ్రాములు. బకెట్టు నీళ్లలో కలిపి, తేటను మాత్రం బోరులో పోసి, రాత్రంతా పంపు కట్టిపెట్టి, పొద్దున వాసన పోయేదాకా కొట్టి పారబోశాం.

దింపాక

40 స్ట్రోకులకు 15 లీటర్లు. తరవాత కావాలనే నెమ్మదిగా, నిమిషానికి ఇరవై చొప్పున అదే 40 స్ట్రోకులు కొట్టాం. 14.5 లీటర్లు వచ్చాయి. మొదటిసారి చేయాల్సి ఉండి చేయని పరీక్ష ఇది. కారే వాల్వుకు నెమ్మదితనమే శత్రువు. జోరుగా కొడితే కనబడని తేడా సగం వేగంతో కొడితే లీటర్లలో బయటపడుతుంది. ఆ తరవాత హ్యాండిల్ పూర్తిగా కిందికి నొక్కి, రెండు వేళ్లతో ఆపి, వదిలాను. వేళ్లను తోయలేదు, మెల్లగా పైకి పోయింది. అరగంట ఆపితే రెండో స్ట్రోకుకు నీళ్లొచ్చాయి.

మూడు నెలల తరవాత వెళ్లి మళ్లీ కొలిచాను. మామూలు వేగానికి 14.5 లీటర్లు, నెమ్మది వేగానికి 14. తెల్ల బకెట్టులో పట్టి పది నిమిషాలు నిలవనిస్తే అడుగున చిటికెడు సన్న ఇసుక మిగిలింది, అంతకుముందులా ముతకది కాదు. కంప్రెసరుతో బోరు కడిగే దాకా ఈ కొలతలు నెలకోసారి రాసిపెట్టమని పంపు చూసుకునే అతనికి చెప్పాను. నెమ్మది కొలత 12 లీటర్లకు దిగితే, లేదా హ్యాండిల్ చేతిని తోయడం మొదలుపెడితే, నీళ్లు ఆగేదాకా చూడకుండా కబురు పెట్టమన్నాను.